జ్వరం దిగిన రోజే జాగ్రత్త: డెంగ్యూ రిపోర్టు చదవడం ఎలా?

"జ్వరం తగ్గిపోయింది సార్, రేపు బడికి పంపుతాం" అని వానాకాలంలో ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే: ఇది ఎన్నో రోజు?

జ్వరం వచ్చిన రోజును ఒకటిగా లెక్కపెట్టండి. డెంగ్యూలో మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది. చాలామంది అక్కడి నుంచి కోలుకుంటారు. కొందరికి మాత్రం అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. సన్నని రక్తనాళాల నుంచి రక్తంలోని నీరు బయటికి ఊరి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. నీరు ఎక్కువగా పోతే బీపీ పడిపోతుంది.

ఇక రిపోర్టు సంగతి. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. దాని పక్కన పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది, దాన్నీ చూడండి. రక్తం ఎంత చిక్కగా ఉందో అది చెబుతుంది. ఉదాహరణకి ఒక పాపకి మూడో రోజున ప్లేట్‌లెట్లు 1,60,000, పీసీవీ 36 అనుకుందాం. ఐదో రోజున జ్వరం లేదు, కాని ప్లేట్‌లెట్లు 70,000కి దిగాయి, పీసీవీ 44కి ఎక్కింది. అంటే ఐదో వంతుకు పైగా పెరిగింది. నీరు కారుతోందన్నమాట. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అదే 70,000 ఉండి, పీసీవీ 36 దగ్గరే నిలబడి, పాప తింటూ తాగుతూ ఉంటే కంగారు అంత అక్కరలేదు. డాక్టరు చెప్పినట్టు మళ్లీ పరీక్ష చేయిస్తే చాలు. పరీక్ష ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకెలు కొంత తేడాగా వస్తాయి.

ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా, ఎక్కించండి అని డాక్టరుని ఒత్తిడి చేయకండి. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10,000 కంటే కిందికి పడితేనే ఆ ఆలోచన చేస్తారు. నీరు కారడాన్ని అవి ఆపలేవు. ఆ సమయంలో పిల్లని కాపాడేది కొలిచి ఎక్కించే సెలైనే. బొప్పాయి ఆకు రసం తాగించి ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు.

అంకెల కోసం ఆగకుండా బయలుదేరాల్సినవి కొన్ని ఉన్నాయి: విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, మత్తుగా పడుకోవడం లేదా ఊరికే చిరాకు పడడం, చల్లబడ్డ చేతులు కాళ్లు, ఆరు గంటలుగా ఒంటేలు లేకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి, లేదా మన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లండి. పల్లెల వాళ్లు దారిలో పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువుని బట్టి. బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం దిగాక కనీసం రెండు రోజులు ఇంట్లోనే ఉంచి, పిల్లని కనిపెట్టుకుని ఉండండి. హాజరు గురించి బెంగ వద్దు, అది నేను చూసుకుంటాను.