పుట్టిన తారీఖు ఎవరు రాశారు?

మొన్న సెప్టెంబర్ 28న రామకృష్ణాపూర్‌లో జాషువా జయంతి సభ. చిన్న హాలు, నలభై మందికి మించి లేరు. నా ప్రసంగం అయిపోయాక సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి లేచి అడిగిండు: "సారూ, నేను పుట్టిన తారీఖే మా ఇంట్ల ఎవ్వరికీ ఎర్కలేదు. 1895ల పుట్టిన జాషువాకు తారీఖు ఎట్ల దొరికింది?"

సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. పుస్తకం అట్టమీద ఉంది కాబట్టి ఉంది అనుకున్నా. ఈ వారం వ్యాసం ఆయన ప్రశ్నకు జవాబు. జాషువా జయంతి తప్పని నేను చెప్పబోవడం లేదు. ఒక దళిత శిశువు పుట్టుకను రికార్డుతో సరిచూడాలంటే ఏ రిజిస్టర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు అన్నదే విషయం.

ముందు చర్చి రిజిస్టర్. బాప్తిస్మం రిజిస్టర్ అనగానే పుట్టిన తేదీ ఉంటుందనుకుంటాం. అది ఏ చర్చి అన్నదాన్ని బట్టి ఉంటుంది. జాషువా పుట్టిన వినుకొండలో అప్పుడు పనిచేస్తున్నది అమెరికన్ బాప్టిస్టు మిషన్. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చి, తానుగా నమ్మి ఒప్పుకున్నవాళ్లకే ఇస్తారు. 1878 జులై 3న, కరువు రోజుల్లో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఈ మిషనే. అంటే ఆ రిజిస్టర్లో ఉన్న తేదీ నీళ్లలో మునిగిన తేదీ. ఆ మనిషికి అప్పుడు పదిహేనేళ్లు ఉండొచ్చు, యాభై ఉండొచ్చు. అదే గుంటూరు వైపు లూథరన్ మిషన్ పసిపిల్లలకూ ఇస్తుంది, కాబట్టి అక్కడ పసిబిడ్డకు ఇచ్చిన తేదీ పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. రెండు మిషన్లూ పక్కపక్కనే, మన మాల మాదిగ పల్లెల్లోనే పనిచేశాయి. ఒకదాని పద్ధతితో ఇంకోదాన్ని చదివితే మనిషి వయసు ఇరవై ఏళ్లు తప్పుతుంది.

ఇక జనాభా లెక్కలు. ఇంగ్లండ్‌లో నూరేళ్లు దాటిన సెన్సస్‌లో ఇంటింటి కాగితాలు చూడనిస్తారు. 1921 నాటివి 2022లో తెరిచారు. తాత పేరు కొడితే ఇంట్లో ఎవరెవరున్నారో వస్తుంది. ఆ అలవాటుతో మన దగ్గర వెతికితే ఏమీ దొరకదు. ఇక్కడ పట్టికలు తయారయ్యాక ఇంటి కాగితాలు ఉంచలేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తి వివరాలు ఎవరికీ చూపరు. మిగిలేవి తాలూకా, జిల్లా మొత్తాలు మాత్రమే. వాటికీ ఒక చిక్కుంది. 1901 లెక్కల్లో వినుకొండను గుంటూరు జిల్లాలో వెతకొద్దు, గుంటూరు జిల్లా పుట్టిందే 1904లో. అప్పుడది కృష్ణా జిల్లా. ఆ పట్టికల్లో మనవాళ్లు చాలామంది కులం గడిలో 'నేటివ్ క్రిస్టియన్' అయిపోయారు. జాషువా తండ్రి యాదవ, తల్లి మాదిగ. అలాంటి ఇల్లు ఏ అంకెలో కలిసిందో ఆ పట్టిక చూసి చెప్పలేం.

మూడోది బడి రిజిస్టర్. దీనిమీద మనకు గురి ఎక్కువ, కారణం అంబేడ్కర్. సతారా ప్రభుత్వ హైస్కూల్ రిజిస్టర్లో 1900 నవంబర్ 7న, 1914 నంబరు మీద, భివా రామ్‌జీ అంబేడ్కర్ అని ఉంది. మహారాష్ట్రలో ఆ రోజును విద్యార్థి దినంగా చేస్తున్నారు. ఆ ఒక్క వరుస వల్ల రెండు సంగతులు గట్టిగా తెలుస్తున్నాయి. అప్పటికి బడిలో పేరు భీమ్‌రావు కాదు, భివా. ఇంగ్లీషు బడికి వచ్చేనాటికే ఇంటిపేరు అంబేడ్కర్. కానీ ఆ పిల్లవాడు తరగతిలో ఎక్కడ కూచున్నాడో ఆ వరుస చెప్పదు. ఆ గోనెపట్టా సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాస్తే తెలిసింది.

బడి రిజిస్టర్లో చేరిన తేదీని నమ్మొచ్చు. అది పంతులు కళ్లముందు జరిగింది. పుట్టిన తేదీ అట్లా కాదు, అది ఎవరో చెప్పిందో, పంతులు అనుకున్నదో. అందుకే సుప్రీంకోర్టు 1988లో బిరాద్ మల్ సింఘ్వీ కేసులో, ఆ తేదీ ఎవరు చెప్తే రాశారో తేలనిదే దానికి సాక్ష్యంగా విలువ లేదంది.

ఇది పెద్దమనిషికి చెప్తే, "అయితే నాది చూడు సారూ" అన్నడు. ఊరి పేరు రాయనని మాటిచ్చి ఆయనతో పాత కరీంనగర్ జిల్లాలోని వాళ్లూరికి పోయిన.

బడి రిజిస్టర్లో ఆయన పుట్టిన తేదీ 1952 జులై 1. చేరింది 1958 జులైలో. సరిగ్గా ఆరేళ్లు. అదే పేజీలో మిగతా పిల్లల్ని చూస్తే సగానికి పైగా జులై 1నే పుట్టారు. ఏడు మాత్రమే తెలిసినవాళ్లకు జులై 1 వేయడం సర్కారు కాగితాల్లో పాత పద్ధతి. ఇక్కడ ఆ ఏడు కూడా బడి వయసుకు సరిపోయేట్టు వెనక్కి లెక్కగట్టిందే. ఒక్కరి వరుసే చూస్తే ఇది పట్టుకోలేం, పేజీ మొత్తం చదవాలి.

తర్వాత చర్చికి పోయినం. సీఎస్ఐ చర్చి, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేదే. ఆయన బాప్తిస్మం 1954 డిసెంబర్ 25. నేను తొందరపడి "1954లో పుట్టినవన్నట్టు" అన్న. తప్పు నాదే. పై వరుసలో అక్క, కింది వరుసలో అన్న, అందరిదీ అదే తేదీ. అయ్యగారు వచ్చినప్పుడు ఇంట్లో పిల్లలందరికీ ఒకేసారి ఇచ్చారు. పుట్టిన తేదీ గడి ఖాళీ. వయసు గడిలో ఈయనకు నాలుగు అని ఉంది. అంటే 1950 ప్రాంతం. వాళ్లమ్మ బతికున్నప్పుడు చెప్పేదట, పోలీసు యాక్షన్ అయినంక రెండో వానకాలంల పుట్టినవని. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్. మొదటి వానకాలం 49, రెండోది 50. చదువురాని తల్లి జ్ఞాపకమూ, చర్చి అయ్యగారి అంకే ఒక్కచోట కలిశాయి. తప్పింది బడి కాగితం.

అయితే ఈ రెండు రిజిస్టర్లలో ఇంకో తేడా ఉంది. చర్చిలో ఆయనకు బైబిల్ పేరు. బడిలో హిందూ పేరు, కులం ఎదురుగా హిందూ మాదిగ. పంతులు పొరపాటు కాదది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడని. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, క్రైస్తవులకు లేదు. ఇక్కడ మతం మారినట్టు కాగితం ఉంటే బీసీ-సి. పిల్లవాణ్ణి బడికి తీసుకుపోయిన తండ్రికి ఆ సంగతి తెలిసే రెండో పేరు చెప్పి ఉంటాడు. పరిశోధకులు దీన్ని ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని వదిలేస్తారు. తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, తోబుట్టువుల వరుస పోల్చి చూస్తే గాని ఒకరేనని తెలియదు.

ఆయన రిజిస్టర్ మీద వేలుపెట్టి ఆ నాలుగు అంకెను చాలాసేపు చూసిండు. "అమ్మ సరిగ్గనే చెప్పింది" అన్నడు. ఫోన్ తీసి ఫోటో కొట్టబోయి ఆగి, "వద్దులే సారూ. మనవరాలు ఎస్సీ సర్టిఫికెట్‌కు పెట్టుకున్నది" అని పుస్తకం మూసి పాస్టర్‌కు ఇచ్చిండు.