ముగ్గురే ఉన్న ఆఫీసులో నగదు లెక్క: తనిఖీ ఎలా చేయాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మసీదు కమిటీ ఆఫీసైనా, టమాటా మండీ కమీషన్ దుకాణమైనా పనిచేసేది ఇద్దరు ముగ్గురే. పెద్ద సంస్థలో డబ్బు పుచ్చుకునేవాడు ఒకడు, పద్దు రాసేవాడు ఒకడు, ఖర్చుకు ఒప్పుకునేవాడు ఇంకొకడు, బ్యాంకు లెక్కతో సరిచూసేవాడు మరొకడు ఉంటారు. ఇక్కడ నాలుగు పనులు, మనుషులు ముగ్గురు. అందుకే ఏ రెండు పనులు ఒకరి చేతిలో ఉండకూడదో ముందుగా తేల్చుకోవాలి.

డబ్బు ముట్టుకునే మనిషి పద్దు రాయకూడదు. ఇదే అసలు నియమం. పన్నెండు దుకాణాల అద్దెలు, చందాలు వచ్చే ఒక మసీదు ఆఫీసును నమూనాగా తీసుకుందాం. వసూలు చేసే అతను రసీదు ఇచ్చి డబ్బు తీసుకుంటాడు, బ్యాంకులో కడతాడు. మున్షీ క్యాష్ బుక్ రాస్తాడు, గల్లా తాళం ముట్టడు. సెక్రటరీ సాబ్ ఖర్చు వోచర్ల మీద సంతకం పెడతారు. నాలుగో పని, అంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, ఆఫీసులో కూర్చోని కమిటీ ఖజాంచీకి అప్పగించాలి. ఆ స్టేట్‌మెంట్ ఆయన నేరుగా బ్యాంకు నుంచే తెచ్చుకోవాలి.

మొదటి పరీక్ష: చెప్పకుండా వెళ్లి లెక్కపెట్టడం

ఖజాంచీ ముందుగా చెప్పకుండా వెళ్లాలి. డబ్బు ఎవరి దగ్గర ఉందో ఆ మనిషి ఎదుటే లెక్కపెట్టాలి. లేకపోతే తర్వాత “నేనున్నప్పుడు సరిగ్గానే ఉంది” అనే మాట వస్తుంది.

నమూనా లెక్క ఇది. కిందటిసారి గల్లాలో 8,450 రూపాయలు. ఆ తర్వాత 146 నుంచి 171 దాకా 26 రసీదుల మీద వచ్చింది 31,200. వోచర్ల ఖర్చు 6,300. బ్యాంకులో కట్టింది 20,000. అంటే గల్లాలో 13,350 ఉండాలి. లెక్కపెడితే ఐదు వందల నోట్లు 20, వందలు 15, యాభైలు 5, ఇరవైలు 5, మొత్తం 11,850. తక్కువ పడింది 1,500.

వెతికితే గల్లా అడుగున ఒక చీటీ దొరికింది: “ఎలక్ట్రీషియన్‌కు అడ్వాన్స్ 1,500”. సంతకం లేదు, వోచర్ లేదు. లెక్క కుదిరిందని ఇక్కడ వదిలేయకూడదు. చీటీ నగదు కాదు. ఎలక్ట్రీషియన్‌ను అడిగి డబ్బు అందిందో లేదో తెలుసుకోవాలి. అందినా సరే, ఒప్పుకోలు లేకుండా గల్లాలోంచి డబ్బు బయటికి పోతోందని ఈ పరీక్ష తేల్చింది. రెండు వరుస నెలల్లో ఇలాంటి చీటీలు దొరికితే అది మరుపు కాదు, అలవాటు.

రెండో పరీక్ష: రసీదు తేదీ, బ్యాంకు తేదీ

చిన్న ఆఫీసులో ఎక్కువగా జరిగే మోసం సర్దుబాటు. మూడో నంబరు దుకాణం అద్దె 4,000 ఐదో తారీఖున వస్తుంది, వసూలు చేసే అతను వాడేసుకుంటాడు. పదో తారీఖున ఏడో నంబరు దుకాణం 4,000 ఇస్తే దాన్ని మూడో నంబరు పేరుతో కడతాడు. ఏడో నంబరుది తర్వాత వచ్చే అద్దెతో పూడుస్తాడు. ఏ రోజు చూసినా పద్దు, బ్యాంకు కలుస్తాయి. తేడా పడేది తేదీల్లోనే.

అందుకే నాలుగైదు దుకాణాలకు వెళ్లి వాళ్ల దగ్గరున్న రసీదు చూడాలి. దాని నంబరు, తేదీ, మొత్తాన్ని కౌంటర్ ఫాయిల్‌తో, క్యాష్ బుక్‌తో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చాలి. తడవ తడవకూ నాలుగైదు రోజుల ఆలస్యం కనిపిస్తే గట్టిగా అడగాలి. వసూలు చేసే అతను వారం రోజులు సెలవు పెడితే ఇంకొకరు ఆ పని చేయాలి. సర్దుబాటు అప్పుడు నిలవదు. ఎప్పుడూ సెలవు తీసుకోని మనిషి ఉంటే అదీ గమనించాలి.

రసీదే ఇవ్వకపోతే?

నంబర్ల వరుస దీన్ని పట్టుకోలేదు. రావాల్సిన మొత్తం నుంచి మొదలుపెట్టాలి: పన్నెండు దుకాణాలు, ఒక్కోదాని అద్దె ఎంత, ఈ నెల పద్దులో ఎన్ని ఉన్నాయి? చందా హుండీకి ఇలాంటి లెక్క ఉండదు కాబట్టి ఇద్దరి ఎదుటే తెరిచి, అక్కడే కాగితం మీద మొత్తం రాసి ఇద్దరూ సంతకం చేయాలి. రద్దయిన రసీదైతే అసలు కాపీ కూడా పుస్తకంలోనే ఉండాలి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌కు పది రూపాయలు పంపి, అవి మసీదు ఖాతాలోనే పడ్డాయేమో చూసుకోవాలి.

ముగ్గురూ కలిసిపోతే ఈ పరీక్షలు చాలావరకు పనిచేయవు. అప్పుడు మిగిలేది అద్దెదారుల చేతిలోని రసీదు, ఖజాంచీ తెచ్చుకున్న స్టేట్‌మెంట్.

వక్ఫ్ సంస్థ ముతవల్లీ మార్చి 31తో ముగిసే ఏడాది లెక్కలు ఏటా వక్ఫ్ బోర్డుకు ఇవ్వాలని 1995 వక్ఫ్ చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. అప్పు లావాదేవీ రాసుకోవాలని, సాక్షులు ఉండాలని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు అనుమానిస్తున్నారని ఎవరైనా నొచ్చుకుంటే ఆ సంతకం చేసిన లెక్క కాగితమే చూపించాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే నిజాయితీగా పనిచేసిన మున్షీని కాపాడేదీ అదే.