పాలు పొంగించే రోజు: అతిథుల కోసం ఒక కాగితం

డల్లాస్ దగ్గర మా అక్క ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. పక్కింటివాళ్ళు, బావ ఆఫీసువాళ్ళు, ఇక్కడే పుట్టిన మా కజిన్స్ వచ్చారు. "ఏం జరుగుతోందో వాళ్ళకి నువ్వు చెప్పరా" అంది అక్క. ఇంగ్లీషులో చదివిన ఆ కాగితాన్ని ఇప్పుడు నా తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

ముందు వాస్తు పురుషుడి కథ చెప్పాను. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఈ కథ ఉంది. భూమికీ ఆకాశానికీ అడ్డంగా ఒక పెద్ద భూతం లేచింది. దేవతలందరూ కలిసి దాన్ని పట్టి, బోర్లా పడుకోబెట్టారు. ఎవరు ఏ భాగాన్ని పట్టుకున్నారో వాళ్ళు అక్కడే ఉండిపోయారు. తల ఈశాన్యంలో, అంటే ఉత్తరానికీ తూర్పుకీ మధ్య మూలలో ఉంటుంది. కాబట్టి మనం కొన్న స్థలంలో మనకంటే ముందే ఒకరున్నారు. వాస్తు పూజ, హోమం ఆయన కోసం, ఆయన మీద కూర్చున్న దేవతల కోసం.

తరువాత గడప. గడప అంటే గుమ్మం కింద అడ్డంగా ఉండే చెక్క. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు, పైన మామిడి ఆకుల తోరణం కడతారు. దిష్టి పోవడానికి గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొడతారు. బావ దేవుడి పటంతో, అక్క నీళ్ళ కలశంతో కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చారు. వెనకాల బియ్యం, కందిపప్పు, ఉప్పు, పసుపు వచ్చాయి. ఊళ్ళో అయితే అందరికంటే ముందు ఆవూ దూడా వెళ్తాయి. మాకు చిన్న వెండి ఆవు బొమ్మ వెళ్ళింది!

1965 వలస చట్టం తరువాత వచ్చిన మొదటి తెలుగు కుటుంబాలకి ఇక్కడ పురోహితుడు దొరకడమే కష్టం. 1977లో న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణేశుడి గుడి, అదే ఏడు పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి మొదలయ్యాయి. అలాంటి గుళ్ళు పెరిగాక పురోహితులు ఇళ్ళకి రావడం మామూలైంది. కానీ ఇళ్ళు వేరు. చెక్క ఇళ్ళు, కార్పెట్, పొగ వస్తే మోగే అలారాలు. కొత్త ఇళ్ళలో ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. అందుకే మా హోమం గరాజ్‌లో, తలుపు పూర్తిగా ఎత్తి, హోమకుండం కింద ఇటుకలు పేర్చి చేశారు.

ఇక పాలు. ఇదే అసలు ఘట్టం అని నా అభిప్రాయం. పొయ్యి మొదటిసారి వెలిగిన తరువాతే అది కాపురం ఉండే ఇల్లు అవుతుంది. (పాలు పొంగుతాయి, మనం పొంగిస్తాం. ఆ "ఇంచు" నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.) గిన్నె అంచు దాటి పొంగితే ఇంట్లో అన్నీ నిండుగా ఉంటాయని నమ్మకం. చాలా ఇళ్ళలో ఈ పని ఆడపడుచుది, అంటే ఇంటాయన అక్కచెల్లెళ్ళది. మా బావ చెల్లెలే పొంగించింది, చీర కూడా అందుకుంది.

పొంగడానికి కారణం తేలికే. పాల మీద మీగడ కట్టి, కింద పుట్టిన ఆవిరిని ఆపుతుంది. ఆవిరి ఆ పొరని ఎత్తుకుంటూ పైకి వస్తుంది. వెడల్పు గిన్నెలో పొర పరుచుకుపోతుంది, పాలు మరుగుతాయి కానీ అంత తేలిగ్గా పొంగవు. మూతి సన్నగా ఉన్న గిన్నెలో మూడొంతుల్లో రెండొంతులు వెన్న తీయని పాలు పోయండి. ఇండక్షన్ పొయ్యి అయితే ఇత్తడి, వెండి గిన్నెలు వేడెక్కవు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. మాకు ఇది ముందు రోజు రాత్రి తెలిసింది, అక్క అత్తగారి వెండి గిన్నె అల్మారాలోనే ఉండిపోయింది. గ్యాస్ పొయ్యి అయితే పాలు పడి మంట ఆరిపోవచ్చు, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కాబట్టి ఒకరు చెయ్యి నాబ్ మీద పెట్టి నిలబడాలి. పొంగిన పాలతో పరమాన్నం వండుతారు.

అతిథులు ఏం చెయ్యాలి? చెప్పులు బయట విప్పండి. పొయ్యి చుట్టూ నిలబడి పాలు పొంగడం చూడండి. పసుపు కలిపిన బియ్యం, అంటే అక్షింతలు, చేతిలో పెడతారు. తినకండి (ఒకాయన తిన్నాడు). పంతులుగారు చెప్పినప్పుడు దంపతుల తల మీద మెల్లగా వెయ్యండి. చివర సత్యనారాయణ వ్రతం ఉంటుంది, కథ గంట దాకా సాగవచ్చు. మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు, ప్రసాదం మాత్రం తీసుకుని వెళ్ళండి. ఆ కథలో కళావతి ప్రసాదం తీసుకోకుండా భర్త కోసం రేవుకి పరిగెత్తింది, ఓడ మునిగింది. ఇది చదివాక మా పక్కింటాయన రెండు కప్పుల ప్రసాదం తిన్నాడు.