నిలబడ్డ కాలికి కొలత

సాయంత్రం ఏడు కావస్తోంది. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌ను ఎలాగో దాటుకుని మాదాపూర్ సందులోని వెండి కొట్టుకు చేరాం. మా పిన్ని కూతురు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. వచ్చే వారమే దాని పెళ్లి. పొద్దున తొమ్మిదింటి నుంచీ ఆఫీసు కుర్చీలోనే ఉంది. సాక్సు లాగగానే చీలమండ పైన ఎలాస్టిక్ గాడి ఎర్రగా, చారలు చారలుగా కనబడింది.

"అక్కా, కాళ్లు ఉబ్బిపోయాయి. రేపు పొద్దున్నే వద్దామా?"

కొట్టు పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఉబ్బిన కాలికే కొలత తియ్యాలె బిడ్డా. పొద్దుగాల సరిపోయిన పట్టగొలుసు పొద్దుగూకేసరికి కోస్తది. లేచి నిలవడు. రెండు కాళ్ల మీద సమానంగ బరువెయ్యి. కూసున్న పాదం అబద్ధం చెప్తది."

అది నిలబడింది. ఆయన కింద కూర్చుని, సన్నని కాగితం పట్టీని చీలమండ ఎముక పైనుంచి చుట్టాడు. లాగలేదు, వదులూ చేయలేదు. చర్మానికి ఆనుకోగానే పెన్సిల్‌తో గీత పెట్టి, స్కేలు మీద పరిచాడు. కుడికాలు ఎనిమిదీ ముప్పావు అంగుళాలు, ఎడమది సరిగ్గా తొమ్మిది. రెండు కాళ్లూ ఒకే కొలతకు రావడం అరుదట. పెద్ద కాలి కొలతనే తీసుకుని, దానికి ముప్పావు అంగుళం కలిపాడు. ఆ ముప్పావే గొలుసు ఊగే చోటు. అది తగ్గితే చర్మం మీద గాడి పడుతుంది. మరీ పెరిగితే గొలుసు మడమ మీదికి జారి బూటు అంచులో ఇరుక్కుంటుంది. పది అంగుళాల జత తీసి, చివరనున్న వరస రింగుల్లో ఎడమకాలికి ఒక రింగు లోపలికి, కుడికాలికి ఇంకొకటి లోపలికి కొక్కెం తగిలించాడు. చెల్లి బాసింపట్టు వేసుకుని కూర్చుంది, లేచింది, నాలుగడుగులు నడిచింది. గొలుసు కింద నా చిటికెన వేలు సులువుగా దూరింది.

పట్టగొలుసు పని అయింది. నా భయమంతా మెట్టెల గురించే.

నా పెళ్లిలో సన్నికల్లు మీద నా కాలు పెట్టించి మెట్టెలు తొడుగుతుంటే, "ఊడిపోతాయి, గట్టిగా నొక్కు బాబూ" అని చుట్టూ అందరూ అన్నారు. మా ఆయన నొక్కారు. కింద తెరిచి ఉండే రెండు కొసలూ కండను చిటికెలా పట్టుకున్నాయి. పసుపు, పారాణి మాటున వేలి రంగు ఎవరికీ కనబడలేదు. తీయకూడదంటారు కదా అని నేనూ నోరు మెదపలేదు. మూడో రోజుకు వేలు మొద్దుబారి, కొస నీలంగా మారింది. ఈ పిల్లకు ఆ బాధ రానివ్వను.

ఇదంతా చెబితే కొట్టు పెద్దాయన విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెల్లి బొటనవేలి పక్క వేలికి దారం చుట్టి చూపించాడు. వేలి మొదలు దగ్గర నాలుగు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. కణుపు దగ్గర ఇంకో మూడు మిల్లీమీటర్లు ఎక్కువ.

"చూసినవా తల్లీ? మట్టె ఊడిపోకుండ ఆపేది ఈ కణుపే. నొక్కుడు కాదు."

పెళ్లికి ముందు మెట్టెలు తొడగరు గనక, అదే వెడల్పున్న ఇత్తడి రింగు తెచ్చాడు. వెడల్పు కూడా కలవాలట. సన్న తీగకు చాలే వదులు వెడల్పాటి పట్టీకి చాలదు, అది ఎక్కువ కండను కప్పేస్తుంది. రింగు ఎక్కించి, మళ్లీ నిలబడమన్నాడు. బరువు పడగానే వేలి కండ పక్కలకు పరుచుకుని, కొసల మధ్య సందులోంచి చిన్న బుడిపెలా పొంగింది. "నొక్కుతోంది" అంది చెల్లి. ఆయన రింగు తీసి, కోసుగా ఉన్న ఇనుప కడ్డీకి తొడిగి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. ఆకురాయితో కొసల మొన విరిచి గుండ్రం చేశాడు. ఈసారి కండ పొంగలేదు. రింగు వేలి చుట్టూ తిరుగుతోంది, కణుపు దగ్గర మాత్రం ఆగుతోంది.

నేను వేలి కొస మెత్తని చోట నొక్కి వదిలాను. తెల్లబడి, ఒకటీ రెండూ అనేలోపు ఎర్రదనం తిరిగొచ్చింది. రింగు లేని పక్క వేలినీ నొక్కి చూశాను, అదీ అంతే. ఆలస్యమైతే బిగువన్నట్టే. చిమచిమలాడినా, చల్లబడినా, నీలమెక్కినా మెట్టె తీసేయాల్సిందే, అది పెళ్లిపీటల మీదైనా సరే. వేలు వాచి రాకపోతే లాగి పుండు చేసుకోకుండా, కాలు ఎత్తిపెట్టి, సబ్బునీళ్లు రాసి మెల్లగా తిప్పి చూడాలి. అప్పటికీ రాకపోతే ఆసుపత్రికి వెళ్తే రింగు కత్తిరిస్తారు. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు నొప్పే తెలియదు, వాళ్లు రోజూ కళ్లతో చూసుకోవాలి.

"వెండిని మాటిమాటికి వంచకుండ్రి" అన్నాడాయన, అసలు మెట్టెలను అదే కడ్డీ మీద అదే కొలతకు సరిచేస్తూ. "గట్టివడి పగుల్తది. గీ కొలత ఎవ్వలనూ మార్చనియ్యొద్దు."

చెల్లి డబ్బా సంచిలో పెట్టుకుని, సాక్సు వేసుకోకుండానే బూట్లలో కాళ్లు దూర్చింది. మెట్లు దిగుతూ కాబోయే మొగుడికి ఫోను చేసింది.

"ఇదిగో, సన్నికల్లు దగ్గర ఎవరేమన్నా సరే, నువ్వు నొక్కకు. కణుపు దాటించి వదిలెయ్."