తెరమీదకు రాని సూప్ సీన్

ఈరోజు థియేటర్‌కి రాని ఒక సీన్ కథ చెప్తాను. 1937 నాటి డిస్నీ సినిమా 'స్నో వైట్' కోసం మరుగుజ్జులు సూప్ తాగే సీన్‌ని వార్డ్ కింబాల్ అనే యానిమేటర్ పెన్సిల్‌తో మొత్తం యానిమేట్ చేశాడు. కథ నెమ్మదిస్తోందని చివరికి దాన్ని తీసేశారు.

నష్టం ఎంతో చూడండి. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా, పది సెకన్లకి ఒక్క పాత్రకే 120 బొమ్మలు!

విచిత్రం ఏంటంటే, స్టోరీబోర్డ్ అప్పటికే ఉంది. 1930ల మొదట్లో అదే స్టూడియోలో వెబ్ స్మిత్ బొమ్మల్ని బోర్డుకి పిన్నులతో గుచ్చడం మొదలుపెట్టాడు. నచ్చని బొమ్మని పీకేస్తే సరిపోయేది. కానీ గోడమీది బొమ్మలో నవ్వొస్తుందేమో తెలుస్తుంది గానీ, సాగదీస్తోందో లేదో తెలీదు. అందుకే బోర్డు బొమ్మల్నే ఫిల్మ్‌కెక్కించి, సౌండ్‌తో కలిపి చూసేవారు. దాన్ని లైకా రీల్ అన్నారు. ఇప్పుడు మనం యానిమాటిక్ అంటున్నాం.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. బస్సు వెంట పరిగెత్తే కుర్రాణ్ణి వైడ్ షాట్‌లో గీసేశాక, కెమెరా మొహం దగ్గరికి వెళ్తే బాగుంటుందనిపించింది. జూమ్ చేస్తే చిన్న మొహం మసకబారింది. మళ్లీ మొదటి నుంచి గీశాను.

ఇప్పుడు ప్రతి గడి కింద మూడు రాస్తాను: "వైడ్, ఎడమ నుంచి కుడికి పాన్, 3 సెకన్లు." పాన్ అని ఉంటే బ్యాక్‌గ్రౌండ్ పొడుగ్గా గీయాలని ముందే తెలుస్తుంది. తర్వాత గడుల్ని ఫోన్లో ఆ టైమ్‌కే వరుసగా పెట్టి చూస్తాను. బోర్ కొట్టిన చోట అప్పుడే కత్తిరిస్తాను. పోయేది ఒక్క గడే.