ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి

2008 నవంబరులో వారం తేడాతో రెండు జాంబీ ఆటలు బజారుకొచ్చాయి. ఒకటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్'తో పాటు కొసరుగా ఇచ్చిన నాజీ జాంబీస్. దాని లెక్క సూటిగా ఉంటుంది. ఒక రౌండు తర్వాత ఇంకో రౌండు, ప్రతి రౌండుకీ గుంపు పెద్దదవుతుంది, జాంబీలు మొండివవుతాయి. ఆడేవాళ్లు అలిసిపోయారా, విసుగెత్తి కూర్చున్నారా అన్నది దానికి అనవసరం. రెండోది 'లెఫ్ట్ 4 డెడ్'. ఇందులో గుంపు ఎప్పుడు వస్తుందో ముందే రాసిపెట్టి ఉండదు. నలుగురు ఆటగాళ్ల అవస్థ చూసి అప్పటికప్పుడు తేల్చే ప్రోగ్రాం ఒకటి లోపల నడుస్తుంటుంది. దాన్ని డైరెక్టర్ అన్నారు.

ఆటగాడిని బట్టి ఆట మారడం అప్పటికే పాత సంగతి. 1986 నాటి 'జానాక్' అనే కాల్పుల ఆట, మనం ఎలా కాలుస్తున్నామో చూసి శత్రువులను మార్చేది. 2005లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 4', తరచూ చస్తున్నవాడి మీద చెప్పాపెట్టకుండా కాస్త కనికరం చూపేది. ఇవన్నీ కష్టాన్ని పెంచడమో తగ్గించడమో చేశాయి. లెఫ్ట్ 4 డెడ్ డైరెక్టర్ కూడా అదే చేస్తుందని, ఓడిపోతుంటే జాలిపడుతుందని ఇప్పటికీ చాలామంది నమ్మకం. దాని రూపకర్త మైక్ బూత్ 2009లో తన ప్రసంగాల్లో చెప్పింది వేరు. వచ్చే దెబ్బ బరువు మారదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం మారుతుంది. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

బూత్ నడిపిన టర్టిల్ రాక్ స్టూడియోస్ అంతకుముందు 'కౌంటర్ స్ట్రైక్' ఆటకు బాట్లు తయారుచేసింది. ఆ బాట్లకు కత్తులు మాత్రమే ఇచ్చి, గుంపుగా మీదికి తోలి, తాము కొద్దిమందే తుపాకులతో ఎదుర్కోవడం ఆఫీసులో సరదాగా మొదలైంది. అందులోంచే ఈ ఆట పుట్టింది. కౌంటర్ స్ట్రైక్‌లో బూత్‌కు నచ్చిన గుణం ఇంకొకటుంది: కాసేపు నిశ్శబ్దం, ఒక్కసారిగా కాల్పులు, మళ్లీ నిశ్శబ్దం. ఎప్పుడూ కాల్పులే అయితే మనిషి మొద్దుబారతాడు, ఎప్పుడూ నిశ్శబ్దమే అయితే ఆవులిస్తాడు. ఎదుటి జట్టులో మనుషులున్నప్పుడు ఆ ఎగుడుదిగుడు దానంతటదే వస్తుంది. జాంబీలతో రావాలంటే ఎవరో ఒకరు దాన్ని నడిపించాలి.

నడిపించాలంటే ముందు ఆటగాడి ఒత్తిడి తెలియాలి. కంప్యూటరుకు ముఖం కనపడదు కాబట్టి బూత్ బృందం ప్రతి ఆటగాడికీ ఒక అంకె పెట్టుకుంది. దాని పేరు ఇంటెన్సిటీ. జాంబీ కొడితే, తగిలిన దెబ్బను బట్టి అది పెరుగుతుంది. కుప్పకూలినా, జాంబీలు అంచు మీంచి తోసేసినా ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కనే జాంబీ చచ్చినా పెరుగుతుంది, ఎంత దగ్గరగా చస్తే అంత ఎక్కువ. ఊరుకుంటే మెల్లగా సున్నా వైపు దిగుతుంది, కానీ ఎవరైనా మీదపడి ఉన్నంతసేపూ దిగదు. నలుగురి అంకెల సగటు తీసుకోరు, అందరికన్నా ఎక్కువున్నవాడి అంకే లెక్క. నాకు ఇది చాలా తెలివైన ఎంపిక అనిపిస్తుంది. ఒకడు కిందపడి అరుస్తుంటే మిగతా ముగ్గురూ నింపాదిగా ఉన్నా అది ప్రశాంతమైన ఘడియ కాదు. సగటు ఆ సంగతిని దాచేస్తుంది.

'నో మెర్సీ' కథలో మొదటి అంకం తీసుకుందాం. నలుగురూ ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద మొదలై, కిందికి దిగి, వీధి దాటి భూగర్భ రైలు స్టేషన్ చేరాలి. మొదట డైరెక్టర్ బిల్డ్ అప్ దశలో ఉంటుంది. అటూ ఇటూ తిరిగే జాంబీలు దారి పొడుగునా ఉంటాయి, ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలకోసారి గుంపు వస్తుంది. గుంపు ఎప్పుడూ ఆటగాళ్ల కంటికి కనపడని చోటే పుడుతుంది, ఎక్కువసార్లు వెనకనుంచి వస్తుంది. ముందువైపు ఎలాగూ తిరిగే జాంబీలున్నాయి కదా. వీధిలోకి రాగానే జట్టులోని జోయీ మీద హంటర్ అనే జాంబీ దూకిందనుకోండి. ఆమె అంకె గరిష్ఠం దాటుతుంది. అయినా డైరెక్టర్ వెంటనే చేయి తీయదు. మరో మూడు నుంచి ఐదు సెకన్లు అదే జోరు సాగిస్తుంది. ఆ తర్వాత కొత్తవాటిని పంపడం మానేస్తుంది గానీ, అప్పటికే వచ్చినవాటిని మాయం చేయదు. ఆ కొట్లాట సహజంగా ముగిసి అంకె దిగేదాకా కాచుకునే దశ ఇది, పీక్ ఫేడ్. ఈ దశే లేకపోతే దొరికే విశ్రాంతి అంతా మిగిలిన జాంబీలను చంపడంలోనే కరిగిపోయేది. అప్పుడుగాని రిలాక్స్ రాదు. అది 30 నుంచి 45 సెకన్లు. జోయీకి కట్టు కట్టుకునే వ్యవధి, తుపాకీ నింపుకునే వ్యవధి. ఈలోగా జట్టు స్టేషన్ వైపు చాలా దూరం పరిగెత్తితే గడువు తీరకముందే మళ్లీ బిల్డ్ అప్ మొదలవుతుంది.

ఈ లెక్కకు లొంగనివి ట్యాంక్, విచ్ అనే పెద్ద జాంబీలు. వాటిని ఆపితే కథే చప్పబడుతుందని కావాలనే బయట ఉంచారు. హమ్మయ్య అనుకున్న క్షణంలో ట్యాంక్ అడుగుల చప్పుడు వినబడితే డైరెక్టర్ పగబట్టిందనిపిస్తుంది, కానీ అది అప్పుడు అసలు మన అంకె వైపు చూడనే లేదు. లోపం నిజంగా ఉన్నది ఇంకో చోట. చేయి తిరిగిన జట్టు దూరం నుంచే గురిపెట్టి చంపుకుంటూ పోతే దెబ్బలు తగలవు, దగ్గర చావులు ఉండవు, అంకె పెద్దగా లేవదు. లేవకపోతే విశ్రాంతీ రాదు. వాళ్లకు ఆట విరామం లేని ఒకే వరసగా సాగుతుంది.

2009లో వచ్చిన రెండో భాగంలో ఈ మీటలు చాలావరకు మ్యాపులు చేసేవాళ్ల చేతికొచ్చాయి. ఊపిరాడనివ్వని ఘట్టం కావాలంటే స్క్రిప్టులో ఇలా రాసుకోవచ్చు:

```
DirectorOptions <-
{
    RelaxMinInterval = 5
    RelaxMaxInterval = 10
    RelaxMaxFlowTravel = 400
}
```

విశ్రాంతి 5 నుంచి 10 సెకన్లకు కుంచించుకుపోతుంది, నాలుగడుగులు వేస్తే అదీ పోతుంది. ఒక్కో గుంపులో జాంబీల సంఖ్య మాత్రం అంతే.

ఊహించిన అంకె బదులు అసలు శరీరాన్నే అడిగితే? ఈ ఆటలను విడుదల చేసిన వాల్వ్ సంస్థలోని మనస్తత్వ శాస్త్రవేత్త మైక్ ఆంబిండర్ 2011లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సులో ఈ ప్రయోగం గురించి చెప్పారు. చర్మం మీది చెమట వల్ల మారే విద్యుత్ వాహకతను కొలిచి, దాన్నే డైరెక్టర్‌కు అందించారు. ఆటగాళ్లకు అది నచ్చింది. అయితే ఆ కొలత ఉద్రేకం ఉందని చెబుతుంది గానీ అది భయమో, సరదానో, చిరాకో చెప్పదు. పైగా చర్మం స్పందించడానికి క్షణాలు పడుతుంది, ఇళ్లలో ఆడేవాళ్ల చేతులకు సెన్సర్లు ఉండవు. పాత అంచనా అంకే నిలబడింది.

డైరెక్టర్ దశలు ఎలుక మనుషులతో పోరాడే 'వర్మింటైడ్ 2'లోకి కూడా దాదాపు అవే పేర్లతో వెళ్లాయి. టర్టిల్ రాక్ 2021లో తెచ్చిన 'బ్యాక్ 4 బ్లడ్' మాత్రం దారి మార్చింది. ఈ అంకంలో పొగమంచు ఉంటుంది, ఫలానా శత్రువులకు కవచముంటుంది అని డైరెక్టర్ ముందే కార్డులు పరిచి చూపిస్తుంది. ఆటగాళ్లూ తమ కార్డులతో సిద్ధపడతారు. అయితే విడుదలైన కొత్తలో ఎక్కువ వినిపించిన ఫిర్యాదు కార్డుల మీద కాదు. ప్రత్యేక శత్రువులు ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా వస్తున్నాయన్నదే. సంస్థ ఆ తర్వాతి ప్యాచుల్లో వాటి రాకను సరిదిద్దుకోవలసి వచ్చింది.