సైలెంట్‌లో ఉన్నా అరిచిన ఫోను

2023 జులై నుంచి అక్టోబరు దాకా దేశంలో పలుచోట్ల, తెలుగు రాష్ట్రాల్లోనూ, జేబుల్లోని ఫోన్లు ఉన్నట్టుండి కీచుమన్నాయి. తెర మీద ఓ డబ్బాలో SAMPLE TESTING MESSAGE అని, భారత ప్రభుత్వ టెలికాం శాఖ Cell Broadcasting System ద్వారా పంపిందని, ఏమీ చేయనక్కర్లేదని రాసి ఉంది. ఫోన్ హ్యాక్ అయిందేమోనని కంగారుపడ్డవాళ్లున్నారు. నా నంబరు వాళ్లకెలా తెలిసిందన్నది చాలామంది అడిగిన ప్రశ్న. సైలెంట్‌లో పెట్టుకున్నాను కదా, మరి ఎలా మోగిందన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. ఈ రెంటికీ జవాబు ఆ రోజు జనం గమనించిన చిన్నచిన్న సంగతుల్లోనే ఉంది.

డబ్బా మూసేశాక ఆ సందేశాన్ని మెసేజీల్లో వెతికినవాళ్లకు అది కనిపించలేదు. పంపినవారి నంబరూ లేదు. ఎస్సెమ్మెస్ అయితే అలా మాయమవదు. అది మీ నంబరు పేరిట వచ్చే ఉత్తరం లాంటిది. ముందు కంపెనీ సర్వరులో దిగుతుంది. మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో నెట్‌వర్క్ వెతుక్కుని, టవరు ద్వారా మీ ఒక్క ఫోనునే పిలిచి అందజేస్తుంది. ఫోను కట్టేసి ఉంటే దాచిపెట్టి తర్వాత ఇస్తుంది. అందినట్టు మీ ఫోను రసీదు కూడా పంపుతుంది. ఆ రోజు వచ్చినది ఉత్తరం కాదు, దండోరా. టవరు ఒక్కసారి చాటింది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ విన్నాయి. ఎవరి నంబరూ ఎవరికీ అవసరం పడలేదు. ఏ ఫోనూ తిరిగి జవాబివ్వలేదు కాబట్టి, ఎవరు విన్నారో ప్రభుత్వానికి ఇప్పటికీ తెలియదు.

రీఛార్జి అయిపోయిన ఫోన్లు కూడా మోగడం ఇందుకే. ఖాతాతో పనిలేదు, టవరు సిగ్నలు పట్టుకుని ఉంటే చాలు. ఒకే ఇంట్లో ఒక ఫోను మోగి పక్కది మోగకపోవడానికి కారణం వేరు. టెలికాం శాఖ ఈ పరీక్షలను ఒక్కో కంపెనీ నెట్‌వర్క్ మీద ఒక్కోసారి జరిపింది. పక్క ఫోనులో ఉన్నది మరో కంపెనీ సిమ్ము.

అందరికీ ఎస్సెమ్మెస్ పంపితే సరిపోదా అనిపించవచ్చు. తీరంలో పది లక్షల ఫోన్లున్నాయనీ, సర్వరు సెకనుకు వెయ్యి పంపగలదనీ అనుకుందాం. చివరివాడికి చేరేసరికి పదహారు నిమిషాలు దాటుతుంది. పైగా తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 70 గుర్తులే. గుణింతం, వత్తు ఒక్కొక్కటీ విడి లెక్క. ‘తుఫాను’ అనే మూడక్షరాలకే ఆరు గుర్తులు ఖర్చవుతాయి. నాలుగు వాక్యాల హెచ్చరిక మూడు ముక్కలై ప్రయాణించాలి. అదే సమయంలో అందరూ ఇంటికి ఫోన్లు చేస్తుంటే టవరు దగ్గర తొక్కిసలాట. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో వినేవాళ్లు వందమందైనా లక్షమందైనా టవరుకు పడే బరువు ఒకటే. 82 బైట్ల పేజీలు పదిహేను దాకా పంపవచ్చు, అంటే తెలుగులో దాదాపు 600 గుర్తులు.

ఇక సైలెంట్ సంగతి. దీన్ని విప్పడానికి పాత నోకియా ఫోన్లు గుర్తుచేసుకోవాలి. అప్పట్లో ఫోను తెర మీద మనమున్న పేట పేరు కనిపించేది, బస్సు కదిలేకొద్దీ పేరు మారేది. అది కూడా సెల్ బ్రాడ్‌కాస్టే. 50వ చానల్ మీద ప్రతి టవరూ తన ప్రాంతం పేరు చాటుకునేది. రోజంతా వచ్చే ఆ పేర్లకు ఫోను ఒక్కసారి కూడా అరవలేదు. కాబట్టి అరుపు వచ్చిన దారిలో లేదు. దారి అదే, మారింది నంబరు.

ప్రతి బ్రాడ్‌కాస్ట్ సందేశానికీ ముందు ఓ గుర్తింపు సంఖ్య ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణంలో 4370 నుంచి మొదలయ్యే సంఖ్యలను ప్రజా హెచ్చరికలకు కేటాయించారు. 4370 అత్యున్నత స్థాయిది, 4371, 4372 అతి తీవ్రమైనవి, తర్వాతి కొన్ని తీవ్రమైనవి, పరీక్షలకు వేరే సంఖ్యలు. ఊరకే ఉన్న ఫోను కూడా సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి మేల్కొని, తనకేమైనా పిలుపుందేమోనని టవరును వింటుంది. హెచ్చరిక ఉందన్న సూచన ఆ పిలుపులోనే వస్తుంది. ఫోను సందేశం చదివి, సంఖ్య చూసి, ఏం చేయాలో తనలో ముందే రాసి ఉన్న నియమం ప్రకారం చేస్తుంది.

సైలెంట్ అంటే స్పీకరు తీగ తెంపేయడం కాదు. కాల్స్, నోటిఫికేషన్లు శబ్దం చేయకూడదని ఫోను సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న నియమం. మీరు సైలెంట్‌లో పెట్టి పడుకున్నా తెల్లవారుజామున అలారం మోగేది ఆ నియమం దానికి వర్తించదు కాబట్టే. హెచ్చరిక అలారం కన్నా ఒక మెట్టు ముందుకెళ్తుంది. ఆండ్రాయిడ్‌లో హెచ్చరిక శబ్దాన్ని మోగించే భాగం FLAG_BYPASS_MUTE అనే గుర్తు తగిలిస్తుంది. మ్యూట్‌ను లెక్కచేయకు అని దానర్థం. డు నాట్ డిస్టర్బ్‌ను దాటడానికి అలాంటిదే ఇంకొకటి ఉంది. ప్రభుత్వం మీ ఫోనులోకి చొరబడి వాల్యూమ్ పెంచలేదు. ఫోను తయారైన రోజే, ఈ సంఖ్యలు వినిపిస్తే మోగాలని అందులో రాసిపెట్టారు. ఆ మోత కూడా ఏదో ఒక రింగ్‌టోన్ కాదు. అమెరికా నిబంధనల్లో అది 853, 960 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిపి వాయించేది. ఒక పొడుగు, రెండు పొట్టి మోతలు. దగ్గరదగ్గర స్వరాలు ఒరుసుకుని గరగరలాడతాయి, చెవి దానికి అలవాటుపడదు. నిద్రలో ఉన్నవాణ్ని లేపడానికే ఈ ఏర్పాటంతా. రాత్రి పూట ఫోను సైలెంట్‌లో పెట్టేవాళ్లు చాలామంది, వరద పగలే వస్తుందన్న భరోసా లేదు.

ఇంకో ఆనవాలు: ఇలాంటి హెచ్చరిక నడుస్తుండగా బయటినుంచి ఆ ప్రాంతంలోకి అడుగుపెట్టినవారి ఫోను ఆలస్యంగా మోగుతుంది, ముందునుంచీ అక్కడున్నవారిది మళ్లీ మోగదు. టవరు గడువు తీరేదాకా అదే సందేశాన్ని చాటుతూనే ఉంటుంది. దానితోపాటు వచ్చే వరుస సంఖ్యను చూసి, ఇది విన్నదే అని ఫోను ఊరుకుంటుంది.

ఈ ఏర్పాటుకు లొంగనివీ ఉన్నాయి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోను రేడియోనే వినదు కాబట్టి మోగదు. టవరు బతికి ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకాక మొబైల్ నెట్‌వర్కులు కుప్పకూలాయి. అలాంటి రోజున హెచ్చరిక గాలి మొదలవకముందే వెళ్లితీరాలి. టవరు సిగ్నలు జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు, అక్కర్లేని ఊళ్లలోనూ ఫోన్లు మోగుతాయి. అన్నిటికన్నా బాధపెట్టేది మరొకటి. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ 23న దేశమంతటా పరీక్ష జరిపే ముందు, మహిళా సహాయ సంస్థలు ఒక ప్రమాదాన్ని ముందుకు తెచ్చాయి. కొట్టే భర్తకు తెలియకుండా దాచుకున్న రెండో ఫోను సైలెంట్‌లో ఉన్నా అరుస్తుంది, దాని చోటు బయటపడుతుంది. ఆ ఫోనును ఆరోజు కట్టేయమని, లేదా హెచ్చరికలు ఆపుకోమని అలాంటి మహిళలకు దారి చూపించారు.

మన ఫోన్లలోనూ ఆ దారి ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో వెతుకులాట పెట్టెలో Wireless emergency alerts అని కొడితే, అతి తీవ్రం, తీవ్రం, పరీక్ష, వేటికి వాటికి విడి మీటలు కనిపిస్తాయి. 2023 మోత చిరాకు పెట్టి అన్నీ ఆపేసుకున్నవాళ్లు తీరం ఊళ్లలో ఉంటే, Test alerts ఒక్కదాన్నే ఆపి మిగతావి మళ్లీ తెరవాలి. Extreme threats ఆపేసి ఉంటే, తుఫాను రాత్రి టవరు ఆ స్థాయి హెచ్చరికను ఎంత చాటినా ఆ ఫోను నోరు మెదపదు.